ఒకే ఇంజినీర్, ఒకేసారి నాలుగు పనులు: లెవెలింగ్, స్మూతింగ్‌లపై అపోహలు - వాస్తవాలు

షెడ్యూల్‌లో ఒక మనిషి పేరు పక్కన పని ఎక్కువైందని చెప్పే ఎర్ర గుర్తు కనిపించగానే చాలామంది నేరుగా పనుల్ని వేరే రోజులకు జరిపే లెవెలింగ్ బటన్ నొక్కేస్తారు. ఎర్ర గుర్తు పోతుంది. దాంతోపాటు ముగింపు తేదీ కూడా జరిగిపోతుంది. ఎందుకు జరిగింది, ఎంత జరగాల్సింది అని మీటింగ్‌లో అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ప్లానింగ్ పనిలో ఉన్న నాకు ఇది తరచూ ఎదురవుతుంది. అందుకే ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని, చివరిదాకా లెక్క వేసి చూపిస్తాను.

ఒక పంపింగ్ స్టేషన్‌కి కంట్రోల్ సిస్టమ్ పెట్టే ప్రాజెక్టు అనుకుందాం. గడువు 20 పనిదినాలు. కంట్రోల్స్ ఇంజినీర్ ఒక్కరే. మొదటి రోజు నుంచే మొదలుపెట్టగలిగిన పనులు ఆమెకు నాలుగున్నాయి:

- కంట్రోల్ లాజిక్ డిజైన్, 5 రోజులు. ఇది అందాక ప్యానెల్ తయారీకి బయటివాళ్లకు 10 రోజులు పడుతుంది.
- కేబుల్ షెడ్యూల్, 4 రోజులు. ఇది అయ్యాక కేబుళ్లు తెప్పించి వేయడానికి సైట్ టీమ్‌కి 8 రోజులు.
- ఇన్‌స్ట్రుమెంట్ల డేటాషీట్లు, 3 రోజులు. ఆ తర్వాత వాటి కొనుగోలు, బిగింపు 7 రోజులు.
- ఆపరేషన్ మాన్యువల్, 4 రోజులు. కమిషనింగ్ మొదలయ్యేలోపు సిద్ధమైతే చాలు.

ఈ నాలుగు దారులూ కమిషనింగ్ దగ్గర కలుస్తాయి. కమిషనింగ్ కూడా ఆమె పనే, 16వ రోజు నుంచి 20వ రోజు దాకా. డిజైన్, ప్యానెల్ కలిపి సరిగ్గా 15 రోజులు కాబట్టి అదే గడువును నిర్ణయించే పొడవైన దారి, అంటే క్రిటికల్ పాత్. గడువు చెడకుండా పనిని జరపగలిగిన రోజుల్ని ఫ్లోట్ అంటారు, అక్కడ అది సున్నా. కేబుళ్ల దారికి 3 రోజులు, ఇన్‌స్ట్రుమెంట్లకు 5 రోజులు, మాన్యువల్‌కి 11 రోజులు ఫ్లోట్ ఉంది. అన్నీ మొదటి రోజే మొదలైతే మొదటి మూడు రోజులు ఆమె మీద 400 శాతం లోడ్ పడుతుంది.

అపోహ: స్మూతింగ్ అంటే కాస్త మెత్తటి లెవెలింగ్. ఏది వాడినా ఒకటే.

రెండింటిలో కదలకుండా ఉండేది వేరు. లెవెలింగ్‌లో మనిషి సామర్థ్యం కదలదు: రోజుకు ఒక్కరి పని, అంతే. ఆ హద్దులో సర్దుకోవడానికి తేదీలు ఎంతైనా జరుగుతాయి, క్రిటికల్ పాత్ కూడా మారిపోవచ్చు. స్మూతింగ్‌లో ముగింపు తేదీ కదలదు. ప్రతి పనినీ దానికున్న ఫ్లోట్ లోపలే జరుపుతాం. అలా జరిపినా లోడ్ మిగిలిపోతే, మిగిలినట్టే.

మన ఉదాహరణలో స్మూతింగ్ చేసి చూద్దాం. డిజైన్ కదలదు, 1 నుంచి 5. కేబుల్ షెడ్యూల్‌ని మూడు రోజులు జరిపితే 4 నుంచి 7 వరకు వస్తుంది. డేటాషీట్లను ఐదు రోజులు జరిపితే 6 నుంచి 8. మాన్యువల్‌కి బోలెడు వెసులుబాటు ఉంది కాబట్టి 9 నుంచి 12కి పంపేయొచ్చు. ఇప్పుడు 400 శాతం ఎక్కడా లేదు. కానీ 4, 5, 6, 7 రోజుల్లో మాత్రం 200 శాతం ఉంది. నాలుగు రోజుల పాటు ఆమె ఇద్దరి పని చేయాలి.

అపోహ: ఎర్ర గుర్తు మిగిలిందంటే స్మూతింగ్ ఫెయిల్ అయినట్టు.

నాకు ఈ అపోహ మీదే ఎక్కువ అభ్యంతరం. మిగిలిన ఆ నాలుగు రోజులే మనకు కావాల్సిన సమాచారం. "మా ఇంజినీర్‌కి పని ఎక్కువైంది" అని మేనేజర్‌తో అంటే అది ఫిర్యాదులా వినిపిస్తుంది. "గడువు 20వ రోజే ఉండాలంటే 4వ రోజు నుంచి 7వ రోజు దాకా ఇంకొకరు కావాలి, వాళ్లు చేయాల్సింది కేబుల్ షెడ్యూల్" అంటే, ఆయన అవునో కాదో చెప్పగలిగిన ప్రశ్న అవుతుంది. కేబుల్ షెడ్యూలే ఎందుకంటే, అది తీసేస్తే డిజైన్ 1 నుంచి 5, డేటాషీట్లు 6 నుంచి 8, మాన్యువల్ 9 నుంచి 12, అన్నీ వరసలో కూర్చుంటాయి, గడువు చెక్కుచెదరదు. పైగా డ్రాయింగులు చదవగలిగిన మరో ఎలక్ట్రికల్ ఇంజినీర్ ఎవరైనా దాన్ని అందుకోగలరు. కంట్రోల్ లాజిక్‌ని మధ్యలో అలా ఇంకొకరి చేతికి ఇవ్వలేం.

ఓవర్‌టైమ్‌తో నెట్టుకొస్తామనే మాట ఇక్కడే వస్తుంది. వరసగా నాలుగు రోజులు రెట్టింపు పని అంటే ఎనిమిది గంటల రోజు పదహారు గంటలు కావడం. అది ప్లాన్ కాదు. మిగులు అరరోజో ఒక రోజో అయితే ఆలోచించొచ్చు.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వాడేవాళ్లకు ఒక మాట. అందులో స్మూతింగ్ పేరుతో వేరే బటన్ ఉండదు. లెవెలింగ్ ఆప్షన్లలో `Level only within available slack` టిక్ చేస్తే దాదాపు ఆ పనే జరుగుతుంది. ఫ్లోట్ సరిపోకపోతే ఓవర్‌లోడ్‌ని తీర్చలేకపోయానని మెసేజ్ ఇస్తుంది. చాలామంది దాన్ని ఎర్రర్ అనుకుని టిక్ తీసేసి మళ్లీ నొక్కుతారు. ఆగి, ఏ తేదీల్లో తీర్చలేకపోయిందో రాసుకోండి.

అపోహ: లెవెలింగ్ చేస్తే సాఫ్ట్‌వేర్ ఇచ్చే తేదీయే కనీస ఆలస్యం.

అదనంగా ఎవరినీ ఇవ్వలేమని జవాబు వచ్చిందనుకుందాం. ఇప్పుడు లెవెలింగ్ తప్పదు. కానీ ఎంత ఆలస్యం అన్నది పనులు ఏ వరసలో పెట్టామన్న దాని మీద ఆధారపడుతుంది.

మాన్యువల్ పక్కన పెడితే ఆమె చేయాల్సింది 5, 4, 3 కలిపి 12 రోజుల పని. ఏ వరసలో చేసినా ఆఖరి పని 12వ రోజుకి ముందు పూర్తి కాదు. ఆ ఆఖరి పని వెనక ఇతరులు చేయాల్సింది ఎంత ఉందో అదే తేలుస్తుంది. డిజైన్ ఆఖర్న పెడితే ఇంకో 10 రోజులు, కేబుల్ షెడ్యూల్ పెడితే 8, డేటాషీట్లు పెడితే 7. కాబట్టి డేటాషీట్లు ఆఖర్న ఉండాలి. డిజైన్ 1 నుంచి 5, కేబుల్ షెడ్యూల్ 6 నుంచి 9, డేటాషీట్లు 10 నుంచి 12, ఇన్‌స్ట్రుమెంట్ల కొనుగోలు, బిగింపు 19 దాకా, కమిషనింగ్ 20 నుంచి 24. మాన్యువల్ 13 నుంచి 16లో హాయిగా పడుతుంది. ఆలస్యం 4 రోజులు. పనుల్ని ఇలాగే ఉంచి ఒక్కరితో చేయిస్తే ఇంతకన్నా తగ్గదు.

అదే మాన్యువల్ షెడ్యూల్‌లో మొదటి వరసలో ఉండి, మిగతావి పైన రాసిన వరసలోనే ఉండి, లెవెలింగ్ ఆర్డర్ `ID Only` అని పెట్టి ఉంటే? మాన్యువల్ 4వ రోజు దాకా, డిజైన్ 9 దాకా, కేబుల్ షెడ్యూల్ 13 దాకా, డేటాషీట్లు 16 దాకా వెళ్తాయి. కమిషనింగ్ 28న ముగుస్తుంది. ఎవరికీ తొందర లేని ఒక పని ముందుకొచ్చినందుకు నాలుగు రోజులు అదనంగా పోయాయి. బటన్ నొక్కే ముందు ఆర్డర్ చూడండి, దాన్ని `Priority, Standard` అని మార్చి ముఖ్యమైన పనులకు `Priority` పెంచండి. అంతకన్నా ముందు, ప్రతి పని వెనక ఇతరులు ఎన్ని రోజులు ఎదురుచూస్తున్నారో కాగితం మీద రాసుకుని పెద్దది ముందు వేయండి. మూడు నాలుగు పనులైతే ఐదు నిమిషాల లెక్క.

అపోహ: ఒక్కో పనికి 33 శాతం అని వేస్తే సమస్యే ఉండదు.

ఎర్ర గుర్తు మాయమవడం నిజమే. డిజైన్, కేబుల్ షెడ్యూల్, డేటాషీట్లు మూడింటినీ సమానంగా లాక్కొస్తూ, ఒకటి అయిపోగానే దాని వాటాను మిగిలినవాటికి పంచినా 9వ రోజుకి డేటాషీట్లు, 11వ రోజుకి కేబుల్ షెడ్యూల్, 12వ రోజుకి డిజైన్ పూర్తవుతాయి. ఆఖర్న పడింది డిజైన్, దాని వెనకున్నది 10 రోజుల ప్యానెల్. కమిషనింగ్ 27న ముగుస్తుంది, ఏడు రోజుల ఆలస్యం. ఒక పని నుంచి ఇంకో పనికి మారినప్పుడల్లా పోయే సమయాన్ని ఇందులో అసలు లెక్కే వేయలేదు. ప్రతి వారం స్టేటస్‌లో మూడు పనులూ ముందుకు కదులుతున్నట్టు కనిపిస్తాయి కాబట్టి ఈ ఆలస్యం ఎవరి కంటా పడదు. సగాలు, మూడో వంతులు కనిపిస్తే ఆ మనిషినే అడగండి: ఈ రోజు నిజంగా ఏది చేస్తున్నారు?

అపోహ: లెవెలింగ్ అయ్యాక ఫ్లోట్ కాలమ్‌ని నమ్మొచ్చు.

24 రోజుల షెడ్యూల్‌నే తీసుకోండి. ప్యానెల్ 15న వచ్చేస్తుంది, కమిషనింగ్ 20న. అందుకని `Total Slack` కాలమ్‌లో డిజైన్‌కి 4 రోజులు కనిపిస్తాయి. కేబుల్ షెడ్యూల్‌కి 2 రోజులు. డేటాషీట్లకు మాత్రమే సున్నా. ఇది చూసి, "డిజైన్ రెండు రోజులు లేటైనా ఫర్వాలేదు" అని ఎవరో ఒకరు అంటారు.

ఫర్వా ఉంది. డిజైన్ ఒక రోజు జారితే ఆమె కేబుల్ షెడ్యూల్ 7న మొదలుపెడుతుంది, డేటాషీట్లు 13న పూర్తవుతాయి, కమిషనింగ్ 25కి వెళ్తుంది. ఆ 4 రోజుల ఫ్లోట్ ఉత్తదే, దీన్నే ఫాంటమ్ ఫ్లోట్ అంటారు. సాఫ్ట్‌వేర్ ఫ్లోట్‌ని పనుల మధ్య గీసిన లింకుల నుంచే లెక్కిస్తుంది. ఈ మూడు పనుల్నీ కట్టి ఉంచింది లింకు కాదు, ఒకే మనిషి. లెవెలింగ్ దాన్ని `Leveling Delay` రూపంలో వేసి ఊరుకుంటుంది.

వరస అందరూ ఒప్పుకున్నాక నేను డిజైన్ నుంచి కేబుల్ షెడ్యూల్‌కి, అక్కడి నుంచి డేటాషీట్లకు మామూలు ఫినిష్-టు-స్టార్ట్ లింకులు గీసేస్తాను, ఇవి మనిషి కోసం పెట్టినవని నోట్స్‌లో రాస్తాను. అప్పుడు మూడింటికీ ఫ్లోట్ సున్నా చూపిస్తుంది, అదే నిజం. ఆ నోట్ మాత్రం మర్చిపోకూడదు. తర్వాత ఎప్పుడైనా రెండో ఇంజినీర్ వస్తే ఈ లింకులు తీసేయాలి, లేకపోతే ఇద్దరున్నా షెడ్యూల్ ఒక్కరి వేగంతోనే నడుస్తుంది.

ఇంకొకటి. ఈ లెక్కలన్నీ ఆమె పూర్తిగా ఈ ప్రాజెక్టుకే ఉందనుకుని వేసినవి. వేరే ప్రాజెక్టులో కూడా ఆమె పేరు ఉంటే, స్మూతింగ్ చేసిన షెడ్యూల్‌లో ఖాళీగా కనిపించే 13వ రోజు అక్కడ నిండి ఉండొచ్చు. ఉమ్మడి రిసోర్స్ పూల్ లేకుండా రెండు ఫైళ్లను విడివిడిగా స్మూత్ చేస్తే, రెండింటిలోనూ పచ్చగానే కనిపిస్తుంది, మనిషి మీద మాత్రం 200 శాతం పడుతుంది. అలాంటప్పుడు ముందుగా రెండో ప్రాజెక్టు మేనేజర్‌తో కూర్చుని ఆమె ఏ రోజులు ఎవరివో తేల్చుకుని, మిగతా రోజుల్ని ఆమె క్యాలెండర్‌లో సెలవులా మూసేసి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టాలి.