“మన పండగలకి యూనివర్సిటీ డబ్బులివ్వదు” అనే అపోహ, ఇంకొన్ని

ఆగస్టు చివర్లో క్లాసులు మొదలయ్యాయో లేదో నాకు ఈ మెసేజ్ వస్తుంది. “అక్కా, బతుకమ్మకి ఊరి బయట బాంకెట్ హాల్ మాట్లాడాం, తలా నలభై డాలర్లు, మీరూ రండి.” నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో స్టూడెంట్ ఆర్గనైజేషన్స్ ఆఫీసులో పనిచేస్తాను. క్లబ్బుల రిజిస్ట్రేషన్లు, హాళ్ళ బుకింగులు, బడ్జెట్ అప్లికేషన్లు అన్నీ మా టేబుల్ మీదుగానే పోతాయి. క్యాంపస్‌లోనే చేసుకోవచ్చుగా అంటే ప్రతి బ్యాచ్ దగ్గరా ఒకటే జవాబు: “మనవి మతం పండగలు కదక్కా, వాళ్ళు ఇవ్వరు.” అడిగారా అంటే అడగలేదు. సీనియర్లు చెప్పారు. ఆ సీనియర్లకి వాళ్ళ సీనియర్లు చెప్పారు.

అపోహ: పండగ మన సొంత వ్యవహారం, యూనివర్సిటీకి సంబంధం లేదు.

ఒకసారి మీ ఫీజు బిల్లు తెరిచి ట్యూషన్ కింద ఉన్న లైన్లు చదవండి. స్టూడెంట్ యాక్టివిటీ ఫీ అనో స్టూడెంట్ సర్వీసెస్ ఫీ అనో ఒకటి ఉంటుంది. మీరు వద్దన్నా కట్టించుకుంటారు. చెస్ క్లబ్బుకీ, బైబిల్ స్టడీ వాళ్ళకీ, సల్సా డాన్స్ వాళ్ళకీ వెళ్ళేది అందులోంచే. ఈ డబ్బు పంచడం మీద అమెరికా సుప్రీంకోర్టు తీర్పులే ఉన్నాయి. 1995లో యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా కేసులో, మతపరమైన పత్రిక అన్న కారణంతో ఒక విద్యార్థి బృందానికి అచ్చు ఖర్చులు ఆపడం తప్పని చెప్పింది. 2000లో యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్ కేసులో, అందరి దగ్గరా ఫీజు వసూలు చేయొచ్చు గానీ పంచేటప్పుడు ఎవరి అభిప్రాయం ఏమిటని చూసి తేడా చేయకూడదంది. ఇవి ప్రభుత్వ యూనివర్సిటీలకి వర్తిస్తాయి. ప్రైవేటువి తమ సొంత నియమాలతో నడుస్తాయి, కానీ వాటిలోనూ చాలావరకు ఇలాంటి పద్ధతే ఉంటుంది. కొన్నిచోట్ల పూజకి ఇవ్వం అని నియమాల్లో రాసుకుంటారు. అలాంటప్పుడు పూజ సామాను మీరు తెచ్చుకుని, హాలుకి, పూలకి, సౌండుకి, భోజనానికి అడగండి.

బయట హాలు పెట్టుకుంటే నష్టం నలభై డాలర్లతో పోదు. క్యాంపస్‌లో గంటల లెక్కన పనిచేసే పిల్లకి అది మూడు నాలుగు గంటల కూలి. అప్పుడే దిగిన వాళ్ళకి కారు ఉండదు, ఎవరో ఎక్కించుకుంటే తప్ప రాలేరు. అసలు పండగ అవసరమయ్యేది వాళ్ళకే. రెండోది, ఊరి బయట రెండు వందల మంది ఆడిపాడినా క్యాంపస్‌కి ఆ సంగతే తెలియదు. నాలుగు సెమిస్టర్లు నలుగురు తెలుగు రూమ్మేట్లు, ముగ్గురు తెలుగు ప్రాజెక్ట్ పార్ట్‌నర్లతో గడిచిపోతాయి. ఆ తర్వాత మా ఆఫీసుకొచ్చి “ఇక్కడ మమ్మల్ని ఎవరూ కలుపుకోరు” అంటారు. బాధ నిజమే. కానీ మనం ఉన్నామని వాళ్ళకి తెలిసే ఏర్పాటేదీ?

ఇప్పుడు బతుకమ్మనే తీసుకుని, క్యాంపస్‌లో ఎలా జరుగుతుందో చెప్తాను.

ముందు ఆర్గనైజేషన్ రిజిస్టరై ఉండాలి. ప్రెసిడెంటు, ట్రెజరరు, ఒక నియమావళి, ఒక ఫ్యాకల్టీ లేదా స్టాఫ్ అడ్వైజరు, సాధారణంగా ఇంతే. అడ్వైజరు తెలుగువాళ్ళే కానక్కర్లేదు. మా దగ్గర ఒక తెలుగు సంఘానికి జియాలజీ ప్రొఫెసర్ ఒకాయన అడ్వైజరు, ఆయనకి పులిహోర తప్ప ఇంకో తెలుగు మాట రాదు. రిజిస్టరైన వాళ్ళకి స్టూడెంట్ యూనియన్‌లో హాలు సాధారణంగా ఉచితం, లేదా బాగా తక్కువ.

డబ్బు దగ్గరే అందరూ బోల్తా పడతారు. సెప్టెంబర్, అక్టోబర్లలో వచ్చే పండగకి ఏడాది బడ్జెట్ అప్లికేషన్ సాధారణంగా ముందు వసంతంలోనే, ఫిబ్రవరి మార్చిలోనే అయిపోతుంది. ఆగస్టులో వచ్చిన కొత్త కమిటీకి ఆ సంగతే తెలియదు. అది తప్పిపోయినా చాలాచోట్ల విడి ప్రోగ్రాములకి ఇచ్చే నిధి ఒకటి ఉంటుంది, ప్రోగ్రాముకి కొన్ని వారాల ముందు అడగాలి. నిర్ణయించేది స్టూడెంట్ గవర్నమెంట్ ఫైనాన్స్ కమిటీ, అంటే ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లలే. వాళ్ళు మతం గురించి అడగరు. ఎవరు రావచ్చు, ఎలా ప్రచారం చేస్తారు, మనిషికి ఎంత ఖర్చు అని అడుగుతారు. “మా తెలుగువాళ్ళకి మాత్రమే” అని రాస్తే అక్కడితో సరి. అందరి ఫీజు కాబట్టి ప్రోగ్రాము అందరికీ తెరిచి ఉండాలి. ఇంకోటి, మంజూరు కాకముందే కొన్నవాటికి డబ్బు వెనక్కి రాదు. ముందే సొంత కార్డు మీద పూలు, ప్లేట్లు కొనేసి రసీదులు పట్టుకుని ఏడుపు ముఖంతో వచ్చేవాళ్ళు ఏటా ఉంటారు, నేను చేయగలిగేది ఏమీ ఉండదు.

పూల సంగతి. తంగేడు దొరకదు, దాని గురించి టెన్షన్ వద్దు. శరదృతువులో ప్రతి సూపర్‌మార్కెట్ ముందూ కుండీల్లో పెట్టే ‘మమ్స్’ మన చామంతులే, చవక. బంతి దొరుకుతుంది. గునుగు అలంకరణ మొక్కగా నర్సరీల్లో ‘సెలోషియా’ పేరుతో ఉంటుంది. క్యాంపస్ తోటలో మాత్రం కోయకండి. నిమజ్జనం క్యాంపస్ చెరువులో కుదరదనుకోండి, అడిగితే ఎక్కువసార్లు కాదనే అంటారు. పెద్ద టబ్బులో నీళ్ళు పోసి చేసుకుని, పూలని కంపోస్టుకి ఇవ్వండి. దీపాలకి బ్యాటరీవే వాడండి. నిజం మంట కావాలంటే ఫైర్ సేఫ్టీ అనుమతి వేరేగా తీసుకోవాలి, హాస్టల్ గదుల్లో అయితే దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. పొగ అలారం మోగి అర్ధరాత్రి బిల్డింగంతా చలిలో బయట నిలబడితే మన పండగ అందరికీ గుర్తుంటుంది, వేరే రకంగా.

భోజనం. అందరికీ తెరిచిన ప్రోగ్రాములో చాలాచోట్ల ఇంట్లో వండింది పెట్టనివ్వరు, లైసెన్సున్న రెస్టారెంటు నుంచో క్యాంపస్ కేటరింగ్ నుంచో రావాలి. ఒకసారి పిల్లలు రాత్రంతా మేలుకుని చేసిన పులిహోర ట్రేలని బిల్డింగ్ మేనేజరు గుమ్మంలోనే ఆపేశాడు. ఆ అమ్మాయిల మొహాలు చూస్తే నాకూ కడుపు తరుక్కుపోయింది. కానీ మూడు వందల మందిలో నలుగురికి వాంతులైతే సంఘం రిజిస్ట్రేషనే పోతుంది. కమిటీ వరకే పాట్‌లక్ అయితే ఇంటి వంటకి సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ఇక “అందరినీ రానిస్తే మన పండగ మనది కాకుండా పోతుంది” అనే భయం. ఇది నాకు అర్థమవుతుంది, ఇంటి మీద బెంగ పెట్టుకున్న పిల్లకి ఆ సాయంత్రం ఎవరికీ ఏమీ వివరించకుండా ఆడుకోవాలనే ఉంటుంది. అందుకే పాటలు తెలుగులోనే ఉండనివ్వండి. ప్రతి పాట ఆపి ఇంగ్లీషులో చెప్పక్కర్లేదు, గుమ్మం దగ్గర అరపేజీ కాగితం చాలు. మా దగ్గర ఒక ఏడు జరిగింది చెప్తాను. బతుకమ్మ పేరుస్తుంటే అటుగా పోతున్న మెక్సికన్ విద్యార్థుల సంఘం అమ్మాయి ఆగి, ఇన్ని బంతిపూలు ఎక్కడ కొన్నారని అడిగింది. నవంబర్ మొదట్లో వాళ్ళ చనిపోయిన పెద్దల పండగకి కావాల్సింది ఆ పువ్వే. బంతి అసలు పుట్టిందే మెక్సికో వైపు, మన దగ్గరికి తర్వాత వచ్చింది. మరుసటి ఏడు రెండు సంఘాలూ కలిసి పూలు టోకున తెప్పించుకున్నాయి, ఒకరి ప్రోగ్రాముకి ఇంకొకరు సహ నిర్వాహకులుగా పేరు పెట్టుకున్నారు, రెండు బడ్జెట్ల నుంచీ డబ్బొచ్చింది. ఆ అమ్మాయి వాళ్ళ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్ ఖాళీ ఉందని మన పిల్లల్లో ఒకతనికి చెప్పింది కూడా. స్నేహం కోసమని వేరే మీటింగ్ పెట్టుకోలేదు వీళ్ళు, పూల బేరంలో కుదిరింది.

అపోహ: సంఘం మూతపడిందంటే యూనివర్సిటీ మూసేసింది.

కాదు, మనమే మర్చిపోయాం. ఎంఎస్‌కి నాలుగు సెమిస్టర్లు. మొదటిది తేరుకోవడానికి, చివరిది ఉద్యోగాల వేటకి పోతాయి. పదవిలో ఉండేది మధ్యలో ఒక్క ఏడాది. మేలో అందరూ పట్టా పుచ్చుకుని వెళ్తారు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియదు, రీ-రిజిస్ట్రేషన్ గడువు దాటిపోతుంది, ఖాతా స్తంభిస్తుంది. కమిటీలో ఒక పీహెచ్‌డీ వాళ్ళని, ఇద్దరు ఇక్కడే పుట్టి పెరిగిన అండర్‌గ్రాడ్ తెలుగు పిల్లల్ని పెట్టండి. వాళ్ళ తెలుగు వచ్చీరానిదని మనవాళ్ళు నవ్వుతారు, కానీ నాలుగేళ్ళు ఉంటారు, ఫైనాన్స్ కమిటీలో కూర్చునే పిల్లలు వాళ్ళ క్లాస్‌మేట్లే.

మిగతావి గబగబా. వాట్సాప్ గ్రూపు సంఘం కాదు. యూనివర్సిటీ ఆర్గనైజేషన్ల డైరెక్టరీలో తెలుగు, ఇండియన్, సౌత్ ఏషియన్ అని వెతకండి, ఈ ఏడాదికి యాక్టివ్ అని ఉందో, అడ్వైజర్ పేరుందో చూడండి. దిగకముందే గది అడ్వాన్సు పంపమని గ్రూపులో అడిగేవాళ్ళకి పంపకండి. తానా, ఆటా లాంటివి వేరు, అవి ఊళ్ళో స్థిరపడిన కుటుంబాల జాతీయ సంఘాలు. ఆపదలో అండగా ఉంటాయి గానీ మీ క్యాంపస్ హాలు బుక్ చేయలేవు.

సంఘంలో పదవి తీసుకుంటే ఎఫ్-1 వీసాకి ఇబ్బందన్నది పుకారు. జీతం లేని పదవికి ఏమీ కాదు. కానీ ఊళ్ళో ఫంక్షన్‌కి సౌండ్ పెట్టి, వడ్డించి చేతికి డబ్బు పుచ్చుకుంటే అది క్యాంపస్ బయట పని, అనుమతి లేకుండా చేస్తే స్టేటస్‌కే ముప్పు. అనుమానముంటే ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి, అన్నయ్యని కాదు.

“టెక్సస్‌లో కల్చరల్ ప్రోగ్రాములు బ్యాన్ చేశారట” అని ఈ మధ్య అడుగుతున్నారు. 2024 జనవరి నుంచి అమల్లోకొచ్చిన ఎస్‌బీ 17 చట్టం ప్రభుత్వ యూనివర్సిటీలు తమంతట నడిపే డైవర్సిటీ ఆఫీసులకి సంబంధించింది. రిజిస్టరైన విద్యార్థి సంఘాల కార్యక్రమాలకి అందులోనే మినహాయింపు ఉంది. ఆఫీసులు మూతపడ్డ చోట్ల ఇదివరకు అవి ఇచ్చిన సాయం పోయింది, అది నిజమే. అలాంటి చోట సంఘం పేరు మీద రిజిస్టరై ఉండటం ఇంకా అవసరం.

తేదీలు కూడా చూసుకోండి. 2025లో బతుకమ్మ సెప్టెంబర్ 21న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి అక్టోబర్ రెండో వారాంతంలో మొదలవుతుంది, మిడ్‌టర్ములకి తగిలే అవకాశముంది, దీపావళి నవంబర్ 8, ఆదివారం. పోయిన ఏడు తేదీలకే హాలు అడిగి మళ్ళీ మార్చమంటే దొరకదు. శనివారం సాయంత్రాలు వసంతంలోనే అయిపోతాయి.