ఎఫ్‌పీఎస్ చెప్పని ఆలస్యం: క్లిక్ నుంచి తెర దాకా

గేమ్‌లో ఒక మూలన 120 ఎఫ్‌పీఎస్ అని కనిపిస్తూ ఉంటుంది. అయినా మౌస్ నొక్కితే చెయ్యి ముందు, తెర వెనక అన్నట్టుంటుంది. అది మన భ్రమ కాదు. ఆ అంకె సెకనుకు ఎన్ని బొమ్మలు, అంటే ఫ్రేములు, వస్తున్నాయో చెబుతుంది, అంతే. తెర మీద ఇప్పుడు కనిపిస్తున్న బొమ్మ మన క్లిక్ తర్వాత ఎంతసేపటికి వచ్చిందో చెప్పదు. ఈ రెండూ వేర్వేరు విషయాలని అందరూ ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొదట్లో గ్రాఫిక్స్ కార్డుల పోలికంతా సగటు ఎఫ్‌పీఎస్‌తోనే సాగేది. కొలవడం తేలిక, పోల్చడం తేలిక. పైగా ఫ్రేములు పెరిగితే మామూలుగా ఆలస్యం కూడా తగ్గేది కాబట్టి ఆ నమ్మకానికి దెబ్బ తగల్లేదు.

2008లో గేమ్ ప్రోగ్రామర్ మిక్ వెస్ట్ ఈ ఆలస్యాన్ని కొలిచే సులువైన దారి చూపించాడు. సెకనుకు 60 ఫ్రేములు తీసే మామూలు డిజిటల్ కెమెరాలో కంట్రోలర్ మీది వేలు, టీవీ తెర రెండూ కనిపించేలా వీడియో తీశాడు. బటన్ దిగిన ఫ్రేము నుంచి తెర మారిన ఫ్రేము దాకా ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. ప్లేస్టేషన్ 3 మెనూకి 3 ఫ్రేములు, అంటే 50 మిల్లీసెకన్లు వచ్చింది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4కి 10 ఫ్రేములు, అంటే దాదాపు 166 మిల్లీసెకన్లు. ప్రత్యేకమైన పరికరం ఏదీ లేకుండా ఎవరైనా చేసి చూడగలిగే పరీక్ష కావడం నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి. ఆ తర్వాత ఫోన్లలోకే 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ వచ్చేసింది. దాంతో ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లకు తగ్గి, కొలత నాలుగు రెట్లు సన్నబడింది.

ఒక లెక్క చేసి చూద్దాం. 60 హెర్ట్జ్ మానిటర్, ఫ్రేములను తెర రిఫ్రెష్‌తో జతకలిపే వీ-సింక్ ఆన్, గేమ్ 60 ఎఫ్‌పీఎస్‌లో నిలకడగా నడుస్తోంది. మౌస్ స్విచ్‌కి చిన్న ఎల్‌ఈడీ కలిపాం. వేలు ఎప్పుడు పూర్తిగా దిగిందో వీడియోలో తేల్చడం కష్టం, దీపం వెలగడం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్‌తో తీసిన 240 ఎఫ్‌పీఎస్ వీడియోలో 412వ ఫ్రేములో ఎల్‌ఈడీ వెలిగి, 436వ ఫ్రేములో తుపాకీ మెరుపు కనిపించిందనుకుందాం. తేడా 24 ఫ్రేములు, అంటే 100 మిల్లీసెకన్లు. ఇప్పుడు గేమ్ సెట్టింగుల్లోనే ఫ్రేమ్ రేటును 59కి కట్టేసి మళ్లీ తీస్తే 14 ఫ్రేములే వచ్చాయనుకోండి. 58 మిల్లీసెకన్లు! ఎఫ్‌పీఎస్ అంకె మాత్రం ఒకటే తగ్గింది. కారణం ఏమిటంటే, కార్డు తెర కన్నా వేగంగా గీసినప్పుడు ఫ్రేములు తమ వంతు కోసం వరుసలో నిలబడిపోతాయి. మన క్లిక్ కూడా ఆ వరుస చివరే నిలబడుతుంది. 59 దగ్గర ఆపితే వరుస ఏర్పడదు.

అయితే ఒక్క క్లిక్‌ను నమ్మకూడదు. తెర రిఫ్రెష్ అయ్యే క్షణానికి మన క్లిక్ కాస్త ముందు పడిందా, వెనక పడిందా అన్నదాన్ని బట్టే ఫలితం 16 మిల్లీసెకన్ల దాకా మారిపోతుంది. కనీసం 20 సార్లు తీసి సగటుతో పాటు అతి తక్కువ, అతి ఎక్కువ విలువలు కూడా రాసుకోవాలి. తెర పై నుంచి కిందికి గీయబడుతుంది కాబట్టి ఎప్పుడూ ఒకే చోట, వీలైతే మధ్యలో చూడాలి. ఫోన్ చెప్పే ఫ్రేమ్ రేటునూ సరిచూసుకోవాలి. కొన్ని ఫోన్లు మధ్య ఫ్రేములను కల్పించి 960 అని చూపిస్తాయి, అలాంటి వీడియో ఈ పనికి రాదు.

ఇన్ని ఫ్రేములు చేత్తో లెక్కపెట్టడం విసుగు పని. అందుకే తెరకు కాంతి సెన్సర్ అంటించి, క్లిక్‌కూ వెలుగు మార్పుకూ మధ్య సమయాన్ని తనే కొలిచే పరికరాలు వచ్చాయి. 2020లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా ఈ పనిని రిఫ్లెక్స్ లేటెన్సీ అనలైజర్ పేరుతో మానిటర్‌లోనే పెట్టించింది. మౌస్‌ను మానిటర్‌లోని యూఎస్‌బీ పోర్టుకు కలిపి, మెరుపు కనిపించే చోట ఒక పెట్టె గీస్తే చాలు.

అసలు చిక్కు 2022లో ఎన్‌విడియా కార్డుల్లోని డీఎల్‌ఎస్‌ఎస్ 3 ఫ్రేమ్ జనరేషన్‌తో వచ్చింది. రెండు నిజమైన ఫ్రేముల మధ్య ఒక కల్పిత ఫ్రేము పెట్టాలంటే రెండోది ముందే సిద్ధమై ఉండాలి. అంటే అప్పటికే గీసిన తాజా ఫ్రేమును వెంటనే చూపించకుండా కాసేపు ఆపాలి. 60 ఉన్న అంకె 120కి దగ్గరవుతుంది, క్లిక్ ఫలితం మాత్రం మునుపటి కన్నా ఆలస్యంగా వస్తుంది. కల్పిత ఫ్రేములో మన క్లిక్ లేదు మరి. ఎఫ్‌పీఎస్ పెరగడం, ఆలస్యం పెరగడం ఒకేసారి జరిగే రోజు వచ్చాక ఆ అంకెను చూసి స్పందన ఎలా ఉంటుందో చెప్పడం ఇక కుదరదు.

కెమెరా మొత్తం ఆలస్యాన్నే చూపిస్తుంది. అందులో మౌస్ వాటా ఎంత, గేమ్ వాటా ఎంత, మానిటర్ వాటా ఎంత అన్నది తెలియాలంటే ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చి, ఆ 20 క్లిక్కులూ మళ్లీ తీయాలి.