స్లాబు దాటితే జీతం మొత్తానికీ ఎక్కువ పన్నా? అపోహలు - వాస్తవాలు

ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో జీతగాళ్ల లెక్కలు చూసేవాళ్లకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: "ఏందన్నా, ఇంక్రిమెంటు ఇచ్చినట్టే ఇచ్చి టాక్సులో లాగేసుకున్నారే! అది లేకపోయినా బాగుండేది." ఈ భయంతోనే కొందరు బోనసు వద్దంటారు, కొందరు బ్యాంకు వడ్డీని లెక్కలో చూపించకుండా దాస్తారు. రెండూ నష్టమే. అందుకే అసలు లెక్క ఎలా నడుస్తుందో నింపాదిగా చూద్దాం. ఇక్కడి అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. ప్రత్యేకంగా చెప్పని చోట కొత్త విధానం కిందివే.

అపోహ: ఆదాయం 16 లక్షలు దాటితే మొత్తం మీద 20 శాతం కట్టాలి.

వాస్తవం: 16 లక్షల పైన ఉన్న ముక్క మీదే 20 శాతం. కింది ముక్కల రేట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. వరిమళ్లకు నీళ్లు పారించేటప్పుడు ఎగువ మడి నిండాక పొర్లిన నీళ్లే దిగువ మడికి పోతాయి కదా, రూపాయలూ అంతే.

మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. అక్కణ్ణుంచి ప్రతి 4 లక్షల ముక్కకూ రేటు 5 చొప్పున పెరుగుతుంది: 8 లక్షల దాకా 5 శాతం, 12 దాకా 10, 16 దాకా 15, 20 దాకా 20, 24 దాకా 25, ఆ పైన 30.

చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీలో మేనేజరు ఒకాయన ఉన్నారనుకుందాం. ఏడాది జీతం 16,75,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే పన్ను లెక్కకు వచ్చేది సరిగ్గా 16,00,000. రెండో ముక్కకు 20,000, మూడో ముక్కకు 40,000, నాలుగో ముక్కకు 60,000. వెరసి 1,20,000. దాని మీద 4 శాతం సెస్సు 4,800 కలిపితే 1,24,800. జీతంలో నూటికి ఏడున్నర రూపాయలు కూడా కాలేదు.

ఇప్పుడు ఆయనకు 50,000 బోనసు వచ్చింది. స్లాబు దాటారు. పాత 16 లక్షల మీద పన్ను 1,20,000 అలాగే ఉంది, రూపాయి కూడా మారలేదు. కొత్త 50,000 మీద 20 శాతం అంటే 10,000, సెస్సుతో 10,400. చేతిలో 39,600 మిగిలాయి. అపోహ ప్రకారం లెక్కేస్తే పన్ను 3,30,000 దాకా పోవాలి. అలాంటి పన్ను ఎవరి ఫారం 16లోనూ కనపడదు.

నిజానికి ఈ భయం ఒకప్పటి చట్టానికి సరిపోయేది. బ్రిటిషువాళ్ల కాలంలో ఇక్కడ మెట్ల పద్ధతి ఉండేది. ఆదాయం ఏ మెట్టు మీదుంటే ఆ రేటు మొత్తానికీ వర్తించేది. మెట్టు అంచున ఒక్క రూపాయి ఎక్కువ సంపాదించినా నష్టపోయేవాళ్లు. 1939లో దాన్ని తీసేసి స్లాబు పద్ధతి తెచ్చారు.

అపోహ: జీతం తగ్గింది కాబట్టి స్లాబు దెబ్బే.

వాస్తవం: అది టీడీఎస్ కోత పడిన తీరు. పన్ను ఏడాదికి లెక్కేస్తారు, కోత మాత్రం నెలనెలా వేస్తారు. పైన చెప్పిన మేనేజరుకు నెలకు 10,400 కోస్తున్నారు. బోనసు అక్టోబరులో చేతికొచ్చింది, ఆఫీసు మాత్రం దాని పన్నును అప్పుడు సర్దలేదు. మార్చిలో చూసుకుని మొత్తం ఒకేసారి కోసింది. దాంతో ఆ నెల కోత 20,800 అయింది. ఫిబ్రవరి స్లిప్పు పక్కన మార్చి స్లిప్పు పెట్టి చూస్తే 10,400 తక్కువ. అక్టోబరులో వచ్చిన 50,000 ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి ఒక్క నెల స్లిప్పుతో తేల్చకండి. పన్నెండు నెలల్లో చేతికొచ్చిన మొత్తం కూడి, బోనసు లేకపోతే ఎంత వచ్చేదో దాంతో పోల్చండి. బోనసు వచ్చిన నెలలోనే జీతాల సెక్షన్‌కు చెబితే ఆ పన్నును మిగిలిన నెలలకు పంచుతారు, మార్చిలో ఒక్కసారిగా బరువు పడదు.

అపోహ: 12 లక్షల దాకా పన్ను సున్నా కదా, 12,10,000 వస్తే ఆ పది వేల మీదే 15 శాతం, అంటే 1,500.

వాస్తవం: ఇది మొదటిదానికి తిరగబడ్డ పొరపాటు, ఈ మధ్య ఎక్కువగా కనపడుతోంది. సున్నా స్లాబు 4 లక్షల దగ్గరే అయిపోతుంది. 12 లక్షల మీద స్లాబుల ప్రకారం 60,000 పన్ను పడుతుంది, దాన్ని రిబేటు పేరుతో మాఫీ చేస్తారు. 12 లక్షలు దాటితే ఆ రిబేటు పోతుంది.

అలాగే వదిలేస్తే పది వేలు ఎక్కువొచ్చినందుకు 61,500 కట్టాలి. అది అన్యాయం కాబట్టి మార్జినల్ రిలీఫ్ పెట్టారు. సెస్సు కలపకముందు పన్ను, 12 లక్షల పైన వచ్చిన మొత్తాన్ని మించకూడదు. అంటే 12,10,000కు పన్ను 10,000, సెస్సు 400. పది వేలు వస్తే 10,400 పోయాయి.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి: ఈ ఇరుకు పట్టీలో సంపాదన పెరిగితే చేతిలోది కొద్దిగా తగ్గే మాట వాస్తవమే. ఈ రిలీఫ్ సుమారు 12,70,590 దగ్గర ముగుస్తుంది, అప్పటికి నష్టం దాదాపు 2,800. 12,74,000 దగ్గరికి వచ్చేసరికి లెక్క మళ్లీ సమానమవుతుంది, ఆ పైన ప్రతి వందకూ 84 రూపాయలకు పైగా మిగులుతుంది. జీతం మాత్రమే ఉన్నవాళ్లు ఈ అంకెలకు స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలిపి చూసుకోవాలి. ఎఫ్‌డీ వడ్డీ వల్ల ఈ పట్టీలో పడేవాళ్లూ ఉంటారు. యజమాని తన వాటాగా ఎన్‌పీఎస్‌కు జమచేసే సొమ్ము కొత్త విధానంలోనూ ఆదాయంలోంచి తగ్గుతుంది కాబట్టి, ఆ వెసులుబాటు ఉన్న ఆఫీసుల్లో ముందే అడగడం మంచిది.

పాత విధానంలో ఈ రిలీఫ్ కూడా లేదు. అరవై ఏళ్లలోపువాళ్లకు 5,00,000 మీద పన్ను సున్నా, 5,00,010 మీద 13,000. అక్కడ పది రూపాయలను కూడా గమనించుకోవాల్సిందే.

అపోహ: పొలం ఆదాయానికి పన్ను లేదు కాబట్టి దాన్ని చూపించక్కర్లేదు.

వాస్తవం: దాని మీద పన్ను లేదు, కానీ అది జీతాన్ని పై స్లాబులోకి నెడుతుంది. కోవూరు వైపు వరి మీద నికరంగా 2 లక్షలు వచ్చే ఉద్యోగి పన్ను ఆదాయం 16 లక్షలే అనుకోండి. రెండూ కలిపి 18 లక్షల మీద పన్ను 1,60,000. అందులోంచి 4 లక్షలకు పొలం 2 లక్షలు కలిపిన 6 లక్షల మీద పన్ను, అంటే 10,000 తీసేస్తారు. మిగిలేది 1,50,000. పొలం లేకపోతే 1,20,000 కదా, తేడా 30,000, పైన సెస్సు. నికర పొలం ఆదాయం 5,000 దాటితేనే ఈ లెక్క వస్తుంది. రొయ్యల గుంటల ఆదాయానికి మాత్రం ఈ పద్ధతి కాదు. అది వ్యవసాయం కింద రాదు, వ్యాపార ఆదాయంగా నేరుగా కలిసి స్లాబుల ప్రకారం పన్ను పడుతుంది.