ఫు వచ్చిందంటే అతను తిరిగి వస్తాడనేనా? ఐ చింగ్ 24వ చిత్రంపై అపోహలు – వాస్తవాలు

నాణేలు వేసి జవాబు చూసుకునే ప్రాచీన చైనా గ్రంథం ఐ చింగ్. అది చూపించుకోవడానికి నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్రేమలో దెబ్బతిన్నవాళ్లే. కొందరు ముందే ఇంట్లో నాణేలు వేసుకుని, 24వ చిత్రం వచ్చిందని సంతోషంగా ఫోను చేస్తారు. చైనా భాషలో దాని పేరు ఫు, అంటే తిరిగి రావడం. విడిపోయి నెలైనా కాని మనిషికి ఆ పేరు ఎంత తీయగా వినపడుతుందో నాకు తెలుసు. ఆ తీపి మీదే ఆధారపడి తొందరపడినవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు చిత్రం ఎలా ఉంటుందో చెబుతాను. ఐ చింగ్‌లో 64 చిత్రాలు, ఒక్కో చిత్రానికి ఆరు గీతలు. నిండు గీత యాంగ్, మధ్యలో తెగిన గీత యిన్. చదవడం కింద నుంచి పైకి. ఫులో అట్టడుగున ఒక్కటే నిండు గీత ఉంటుంది, దాని మీద ఐదూ తెగిన గీతలే. కింది మూడు గీతలు ఉరుముకు గుర్తు, పై మూడు భూమికి. అంటే ఉరుము ఇంకా నేల లోపలే ఉంది. దీనికి ముందున్న 23వ చిత్రంలో ఒకే ఒక్క నిండు గీత పైకొసన వేలాడుతూ ఉంటుంది. అది రాలిపోవడం. ఇక్కడ అదే గీత అడుగున మొలిచింది.

అపోహ: తిరిగి వచ్చేది విడిచి వెళ్లిన మనిషి.

ఫు మూలవాక్యంలో స్త్రీ గురించి గానీ పురుషుడి గురించి గానీ ఒక్క మాటా లేదు. పెళ్లి, ఆకర్షణ, ఎడబాటు గురించి మాట్లాడే చిత్రాలు ఐ చింగ్‌లో వేరే ఉన్నాయి. ఫు చెప్పేది తన దారికి తాను తిరిగి రావడం. మొదటి గీత మాట ఇలా ఉంటుంది: దూరం పోకముందే తిరిగి రావడం, పెద్దగా పశ్చాత్తాపపడే అవసరం రాదు, మహా శుభం. ఐ చింగ్‌కు చేర్చిన పాత వ్యాఖ్యానం ఈ గీత దగ్గర కన్ఫ్యూషియస్ శిష్యుడు యాన్ హుయ్‌ను ఉదాహరణగా చూపుతుంది. తనలో తప్పు ఉంటే అతనికి తెలియకుండా ఉండేది కాదట, తెలిశాక మళ్లీ చేసేవాడు కాదట. తిరిగి రావడం అంటే అక్కడ అర్థం అదే.

“మరి మిత్రులు వస్తారు, దోషం లేదు అని ఉంది కదండీ?” అని అడుగుతారు. ఉంది. సంప్రదాయంలో ఆ మిత్రులంటే ఈ మొదటి నిండు గీత వెనుక రాబోయే మిగతా నిండు గీతలు. తర్వాతి దశ అయిన 19వ చిత్రంలో నిండు గీతలు రెండవుతాయి, ఆ తర్వాత 11వ చిత్రంలో మూడు. ఒక మంచి మార్పు నిలబడితే దానికి తోడు మరొకటి వస్తుంది. ఆ తోడు పాత మనిషే కావచ్చు, కాకపోవచ్చు. మూలం ఆ హామీ ఇవ్వలేదు, నేనూ ఇవ్వను.

అపోహ: ఏడు రోజులు ఆగితే చాలు.

మూలంలో “ఏడు రోజులకు తిరిగి వస్తుంది” అన్న మాట ఉన్నది నిజమే. అందుకని ఎనిమిదో రోజు పొద్దున్నే సందేశం పంపినవాళ్లు నాకు తెలుసు. కానీ ఈ ఏడును చాలామంది వ్యాఖ్యాతలు క్యాలెండరులోని వారంగా చదవలేదు. ప్రసిద్ధమైన ఒక లెక్క ప్రకారం సంవత్సరంలోని 12 నెలలకు 12 చిత్రాలు. చైనా చాంద్రమానంలో అయిదో నెలకు 44వ చిత్రం, అక్కడ మొదటి తెగిన గీత అడుగున ప్రవేశిస్తుంది. అది నెలకొక మెట్టు చొప్పున పైకి పాకుతూ, నిండు గీతలను ఒక్కొక్కటిగా తోసేస్తుంది. పదో నెలకు ఆరూ తెగిన గీతలే. పదకొండో నెలలో ఫు. 44 నుంచి లెక్కిస్తే ఇది ఏడో మెట్టు. అంటే “ఏడు రోజులు” అన్నది ఒక క్షీణత పూర్తిగా జరిగి ముగియడానికి పట్టే కాలం. సగం మానిన దుఃఖం వారానికి మానినట్టు కనిపిస్తుంది కానీ, ఆ మెట్లను దాటెయ్యలేదు.

మరో సంగతి. ఇదే గ్రంథంలో 51, 63 చిత్రాల రెండో గీతల్లో కూడా పోయిన వస్తువు ఏడు రోజుల్లో దొరుకుతుందని ఉంది. రెండు చోట్లా దానికి ముందు “వెంట పరుగెత్తకు” అన్న మాట ఉంది. ఎడబాటును గురించిన 38వ చిత్రం మొదటి గీతలోనూ అంతే: గుర్రం తప్పిపోయింది, వెంటపడకు, తనంతట తానే తిరిగి వస్తుంది. ఏడు రోజులను గుర్తుపెట్టుకున్నవాళ్లు ఈ మాటను కూడా పక్కనే పెట్టుకోవాలి.

అపోహ: శుభమైన చిత్రం కాబట్టి వెంటనే కదలాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే.

ఫు శీతాకాలపు అయనాంతానికి, అంటే డిసెంబరు 21, 22 ప్రాంతంలో వచ్చే అతి చిన్న పగటికి చెందిన చిత్రం. ఆ రోజు నుంచి పగలు పెరగడం మొదలవుతుంది. మరి ఆ రోజు ఏం చేయాలంటోంది గ్రంథం? పూర్వపు రాజులు అయనాంతం నాడు సరిహద్దు ద్వారాలు మూసేవారట. వర్తకులు, బాటసారులు ప్రయాణం చేసేవారు కాదట. రాజు కూడా తన ప్రాంతాలను చూడటానికి వెళ్లేవాడు కాదట. వెలుగు తిరిగి వచ్చిన రోజునే తలుపులు మూశారు!

ఎందుకో మనకు అర్థం కావడానికి చైనా దాకా వెళ్లనవసరం లేదు. డిసెంబరు ఆఖరి నుంచే పగలు పెరుగుతున్నా, జనవరి నడిమిలో భోగి నాడు తెల్లవారుజామున మంట ముందు వణుకుతూ కూర్చుంటాం. వెలుగు మళ్లిన తర్వాత కూడా చలి కొన్నాళ్లు ఉంటుంది. చైనా క్యాలెండరులోనూ “చిన్న చలి”, “పెద్ద చలి” అనే రెండు ఘట్టాలు అయనాంతం తర్వాతే వస్తాయి. విడిపోయిన మనిషిలోనూ ఇదే జరుగుతుంది. ఒకరోజు నిద్ర బాగా పడుతుంది, అన్నం రుచిగా తోస్తుంది, పాత ఫొటో చూసినా ఏడుపు రాదు. అది అడుగున మొలిచిన గీత. అదే రోజు సాయంత్రం “నేను బాగానే ఉన్నాను, ఒకసారి మాట్లాడుకుందామా” అని సందేశం పెడితే, అవతలి నుంచి వచ్చే ఒక్క పొడి జవాబు ఆ మొలకను తొక్కేస్తుంది.

మూలంలోనే ఇంకో ఆధారం ఉంది. “వెళ్లడంలోనూ రావడంలోనూ” అన్నాక వచ్చే పదానికి రోగం అనీ, తొందర అనీ రెండర్థాలు. కొందరు “రోగం లేకుండా” అని అనువదిస్తారు, కొందరు “తొందర లేకుండా” అని. విడిపోయినవాళ్లకు నేను రెండో అర్థాన్నే చదివి వినిపిస్తాను. అదే వాక్యం చివర “ఎక్కడికైనా బయలుదేరడం మేలు” అని కూడా ఉంది. కాబట్టి ఫు ఎప్పటికీ తలుపులు మూసుకోమనడం లేదు. ముందు మూయడం, తర్వాత బయలుదేరడం అన్న వరుస చెబుతోంది.

అపోహ: ఫు ఎవరికి వచ్చినా ఒకటే మాట.

నాణేలు పడిన తీరును బట్టి కొన్ని గీతలు తెగినవి నిండుగా, నిండువి తెగినవిగా మారతాయి. ఆ మారే గీత ఏదన్నదే అసలు కీలకం. ఒక యువతి విషయం చెబుతాను, ఆమె అనుమతితోనే. నాలుగేళ్ల బంధం, మూడుసార్లు విడిపోయి మూడుసార్లూ కలిశారు. నాలుగోసారి విడిపోయిన మూడు వారాలకు నా దగ్గరకు వచ్చింది. మూడు రూపాయి నాణేలు ఆరుసార్లు వేసింది. బొమ్మకు 3, బొరుసుకు 2 లెక్క. కింద నుంచి వచ్చిన మొత్తాలు: 7, 8, 6, 8, 8, 8. బేసి అంకె నిండు గీత, సరి అంకె తెగిన గీత. కాబట్టి ఇది ఫు. మూడోసారి మూడూ బొరుసులు పడి 6 వచ్చింది, అంటే మూడో గీత మారే గీత. అది తెగిన గీత నుంచి నిండు గీతగా మారితే 36వ చిత్రం అవుతుంది. దాని పేరు వెలుగు గాయపడటం. భూమి కింద నిప్పు.

ఫు మూడో గీత మాట: మళ్లీ మళ్లీ తిరిగి రావడం, ప్రమాదం, కానీ దోషం లేదు.

ఆమె వెంటనే “దోషం లేదన్నారుగా” అంది. అవును, తిరిగి రావాలనుకోవడం తప్పు కాదు. ప్రమాదం “మళ్లీ మళ్లీ”లో ఉంది. అందుకే ఒక కాగితం ఇచ్చి మూడు వరుసలు గీయమన్నాను: ఎందుకు విడిపోయారు, ఎలా కలిశారు, కలిశాక ఏం మారింది. మొదటి వరుసలో మూడుసార్లూ ఒకటే కారణం: అతను ఇంట్లో చెప్పలేదు. చెల్లి పెళ్లి అయ్యాక అన్నాడు, ఉద్యోగం మారాక అన్నాడు. రెండో వరుసలోనూ ఒకటే: రాత్రి పన్నెండు దాటాక ఆమె పంపిన సందేశం. మూడో వరుస ఖాళీ. కాగితం చూస్తూ ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇదే ఆమెకు నాలుగో గీత మారి ఉంటే నేను వేరే మాట చెప్పేవాణ్ని. అక్కడ ఉన్నది “నలుగురి మధ్య నడుస్తూ ఒంటరిగా తిరిగి రావడం”, అంటే ఆ జట్టు నుంచే బయటికి వచ్చి తన దారి పట్టడం. అయిదో గీత మారితే, నిండు మనసుతో తన తప్పును ఒప్పుకుని తిరిగి వెళ్లడం గురించి మాట్లాడేవాణ్ని.

ఆమెకు వచ్చిన 36వ చిత్రం సలహా వెలుగును లోపల దాచుకొమ్మని. మేం దాన్ని ఇలా ఆచరణలోకి తెచ్చుకున్నాం: రాత్రి సందేశాలు లేవు, అతని స్నేహితుల ద్వారా కబురు లేదు, మూడో వరుసలో రాయడానికి ఒక్క మాటైనా దొరికేదాకా కలుసుకోవడం లేదు.

అపోహ: ఎంత ఆలస్యమైనా ఫు కాపాడుతుంది.

ఆరో గీత చదవండి. దారి తప్పి తిరిగి రావడం, అశుభం, సైన్యాన్ని నడిపితే చివరికి పెద్ద ఓటమి, పదేళ్లదాకా దాడికి వెళ్లలేని స్థితి. తప్పు తెలిసీ తిరగనివాడికి వచ్చే మాట ఇది. విడిపోవడానికి కారణం తనే అయి ఉండి, క్షమాపణను ఏళ్ల తరబడి వాయిదా వేసి, ఇప్పుడు హక్కుగా వెనక్కి అడిగేవాళ్లకు ఈ గీత వస్తే నేను మెత్తగా చెప్పను. ఇక బంధంలో కొట్టడం, బెదిరించడం ఉంటే ఏ గీత వచ్చినా కలవడం గురించి నేను అసలు చదవను.

అపోహ: మంచి గీత వచ్చేదాకా మళ్లీ వేయవచ్చు.

4వ చిత్రం దీనికి సూటిగా జవాబిస్తుంది: మొదటిసారి అడిగితే చెబుతాను, రెండు మూడుసార్లు అడగడం అగౌరవం, అప్పుడు చెప్పను.

ఆ యువతి అయిదు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. అతను ఫోను చేశాడట, ఇంట్లో చెప్పానని, ఆదివారం కలుద్దామని. నాణేలు బల్ల మీద పెట్టి “ఒక్కసారి వేయమంటారా?” అని అడిగింది. వద్దన్నాను. పాత కాగితం తెచ్చావా అని అడిగాను. చేతిసంచిలోనే ఉంది. ఇంట్లో ఎవరికి చెప్పాడు, వాళ్లు ఏమన్నారు, వాళ్లను నువ్వు ఎప్పుడు కలవవచ్చు అన్న మూడు ప్రశ్నలను మూడో వరుసలో రాసుకుంది. వాటికి జవాబులు అతని నోటినుంచే రావాలి కాబట్టి, కాగితం మడిచి ఆదివారానికి దాచుకుంది.