రెండో ఉద్యోగం: ఆఫర్ లెటర్‌లోని ఆ ఒక్క క్లాజు ఎక్కడి నుంచి వచ్చింది?

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కొడుకు ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు యాప్ చేసిపెట్టమంటున్నారు. శని, ఆదివారాల్లో కూర్చుంటే అయిపోతుంది, నెలకు పాతిక వేలు ఇస్తారట. కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 27 ఉంది కాబట్టి కంపెనీ ఏమీ చేయలేదని మా టీమ్‌లో అంటున్నారు. నిజమేనా?" అని అడిగాడు.

ముందు ఆఫర్ లెటర్ పంపమన్నాను. 14 పేజీలు ఉంది. చేరిన రోజు చివరి పేజీలో సంతకం పెట్టాడే గానీ మిగతాది చదవలేదట. ఎనిమిదో క్లాజులో ఉన్న మాటల సారం ఇది: ఉద్యోగి తన పూర్తి సమయాన్ని, శ్రద్ధను కంపెనీకే కేటాయించాలి, ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ, జీతానికి గానీ ఉచితంగా గానీ మరే పనీ చేయకూడదు.

సెక్షన్ 27 గురించి వాడి టీమ్‌లో చెప్పుకున్నది సగం నిజం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని ఆ సెక్షన్, ఒక మనిషి చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదంటుంది. అది చదివితే మన ఎనిమిదో క్లాజు కూడా కొట్టుకుపోవాలి కదా అనిపిస్తుంది. మిగతా సగం తెలియాలంటే 1963లో టైర్ల తయారీకి వాడే దారం తయారుచేసిన ఒక ఫ్యాక్టరీ దాకా వెళ్లాలి.

బొంబాయి దగ్గర కల్యాణ్‌లో సెంచరీ స్పిన్నింగ్ సంస్థ టైర్ కార్డ్ దారం ప్లాంటు పెట్టింది. విదేశీ సంస్థల నుంచి టెక్నాలజీ తెచ్చుకుంది, దాన్ని రహస్యంగా ఉంచుతామని వాళ్లకు మాట ఇచ్చింది. నిరంజన్ శంకర్ గోలికరి అనే షిఫ్ట్ సూపర్‌వైజర్‌ను అయిదేళ్ల ఒప్పందం మీద తీసుకుని శిక్షణ ఇచ్చింది. ఆ ఒప్పందంలోని ఆరో క్లాజు ప్రకారం ఆయన తన సమయం, శక్తి మొత్తం కంపెనీకే ఇవ్వాలి. ఫుల్‌టైమ్ అయినా పార్ట్‌టైమ్ అయినా మరే వ్యాపారంలోనూ, ఉద్యోగంలోనూ ఉండకూడదు. చూశారా, అరవై ఏళ్ల నాటి మిల్లు కాంట్రాక్టులోని మాటలూ మాదాపూర్ ఆఫర్ లెటర్‌లోని మాటలూ దాదాపు ఒకటే.

1964లో, గడువు తీరకముందే, గోలికరి ఉద్యోగం వదిలి అదే రకం దారం తయారుచేసే రాజస్థాన్ రేయాన్‌లో చేరారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో తీర్పు వచ్చింది. ఒప్పందం నడుస్తున్న కాలానికి పెట్టుకున్న నిషేధం మామూలుగా సెక్షన్ 27 కిందికి రాదని, అది మరీ కఠినంగానో, ఏకపక్షంగానో ఉంటే తప్ప చెల్లుతుందని కోర్టు చెప్పింది. గోలికరి ఓడిపోయారు. అది రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసిన కేసు కాదు, మధ్యలో వదిలి వెళ్లిన కేసు. అయినా ఉద్యోగంలో ఉండగా ఒకటి, మానేశాక ఒకటి అన్న గీత అక్కడే స్పష్టంగా పడింది. ఉద్యోగం మానేశాక పోటీ సంస్థలో చేరకూడదనే షరతు నిలవడం చాలా కష్టం. జీతం తీసుకుంటున్న కాలానికి పెట్టిన షరతు మాత్రం మామూలుగా నిలుస్తుంది. మనవాళ్లు మొదటి దానికున్న రక్షణ రెండో దానికీ ఉందనుకుని దెబ్బతింటున్నారు.

పాత కార్మిక చట్టాల్లో రెండో పని మీద ఆంక్ష పెట్టిన మాట నిజమే కానీ దాని ఉద్దేశం వేరు. 1948 ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్, ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన రోజునే కార్మికుడిని మరో ఫ్యాక్టరీలో పనిచేయనివ్వకూడదంది. యంత్రాల దగ్గర అలసిన మనిషికి ప్రమాదమని. పరిశ్రమల్లో ఉద్యోగ షరతులు ఎలా ఉండాలో చెప్పిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల కేంద్ర నిబంధనల్లోని నమూనా కూడా యజమాని ప్రయోజనానికి నష్టం కలిగించే అదనపు ఉద్యోగాన్నే వద్దంది. ఏ పనీ వద్దు, ఉచితంగా కూడా వద్దు అనేంత దూరం వెళ్లింది కంపెనీలు సొంతంగా రాసుకున్న ఆఫర్ లెటర్లే. నా దృష్టిలో అది అతి. కానీ సంతకం పెట్టాక అది అతి అని తేల్చుకోవాల్సింది కోర్టులో.

కరోనాలో ఇంటి నుంచి పని మొదలయ్యాక ఈ పాత క్లాజు మళ్లీ పైకి వచ్చింది. 2022 ఆగస్టులో స్విగ్గీ తన ఉద్యోగులు అనుమతితో బయటి పనులు చేసుకోవచ్చని విధానం ప్రకటించింది. అదే నెలలో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ మూన్‌లైటింగ్, అంటే ఉద్యోగంలో ఉంటూనే బయట రెండో పని చేయడం, మోసమేనని ట్వీట్ చేశారు. పోటీ సంస్థలకు పనిచేస్తూ దొరికిన 300 మందిని తీసేశామని సెప్టెంబరులో చెప్పారు. ఇన్ఫోసిస్ మొదట హెచ్చరిక మెయిల్ పంపి, అక్టోబరుకల్లా మేనేజర్, హెచ్ఆర్ అనుమతి ఉంటే, పోటీ సంస్థకో క్లయింటుకో కాకపోతే, చిన్న పనులు చేసుకోవచ్చంది. కాబట్టి అసలు ప్రశ్న అనుమతి దగ్గరే ఉంది.

తమ్ముడి లెటర్‌లో నేను ముందు వెతికింది కూడా అదే. "రాతపూర్వక అనుమతి లేకుండా" అన్న మాట ఉందంటే తలుపు పూర్తిగా మూసెయ్యలేదని అర్థం. టీమ్ లీడ్ టీ తాగుతూ "చేసుకోవోయ్, ఎవరు చూస్తారు" అంటే అది అనుమతి కాదు. "పరోక్షంగా" అని ఉంది గనక భార్య పేరు మీదో, నాన్న ఖాతాలోకో డబ్బు వేయించుకున్నా క్లాజు తప్పినట్టే. మనవాళ్లు ఎక్కువగా వేసే ఎత్తు ఇదే కాబట్టి చెబుతున్నాను.

పదకొండో క్లాజు నన్ను ఇంకా భయపెట్టింది. ఉద్యోగకాలంలో తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అంతా, ఆఫీసు వేళల్లో చేసినా కాకపోయినా, కంపెనీదేనని అందులో ఉంది. అంటే ఆదివారం రాసిన కోచింగ్ సెంటర్ యాప్ మీద కూడా కంపెనీ హక్కు అడగొచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాస్తే ఆ వాదన ఇంకా బలపడుతుంది. కోచింగ్ సెంటర్‌కేమో "ఈ కోడ్ పూర్తిగా మీదే" అని వీడు సంతకం చేసి ఇవ్వాలి. ఒకే కోడ్‌ను ఇద్దరికి రాసిచ్చినట్టవుతుంది.

దొరకడం ఎలాగంటే, రెండోది కూడా జీతం ఉద్యోగమైతే పీఎఫ్ దగ్గర. ఎన్ని కంపెనీలు మారినా పీఎఫ్ నంబరు, అంటే యూఏఎన్, ఒక్కటే గనక సర్వీస్ హిస్టరీలో రెండు కంపెనీల తేదీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. తర్వాతి ఉద్యోగంలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు ఆ కాగితం అడుగుతారు. ఫీజు రూపంలో తీసుకుంటే పీఎఫ్ ఉండదు గానీ, టీడీఎస్ కోస్తే పాన్ కింద ఆదాయపు పన్ను శాఖ దగ్గరుండే వార్షిక సమాచార పట్టిక ఏఐఎస్‌లో కనిపిస్తుంది. పన్ను రిటర్నులో ఆ ఆదాయం చూపించి తీరాలి. దొరికితే సాధారణంగా జరిగేది జైలు కాదు. ఉద్యోగం పోతుంది, రిలీవింగ్ లెటర్ చిక్కుల్లో పడుతుంది, ఆ టెన్షన్‌తో తర్వాతి ఇంటర్వ్యూకి వెళ్లాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు మాత్రం లెక్క వేరు. హెచ్1బీ ఒక యజమానికి కట్టిన వీసా. రెండో యజమాని తన వంతుగా పిటిషన్ వేయకుండా అక్కడ పనిచేస్తే అది అనధికార ఉద్యోగం. సొంత కంపెనీ అనుమతిచ్చినా అది మారదు, స్టేటస్సే పోవచ్చు.

తమ్ముడి చేత హెచ్ఆర్‌కు మెయిల్ రాయించాను. ఎవరికి, ఏ పని, వారానికి ఎన్ని గంటలు, సొంత ల్యాప్‌టాప్, పోటీ సంస్థ కాదు, ఆ యాప్ మీద కంపెనీ హక్కు అడగదని రాసివ్వమని కోరాడు. పన్నెండు రోజులకు జవాబొచ్చింది. ఆరు నెలలకు సరే అన్నారు, యాప్ హక్కు గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఆ ఒక్క మాట కోసం మళ్లీ మెయిల్ పెట్టాడు. అది వచ్చేదాకా పని మొదలుపెట్టనని విజయవాడ వాళ్లకు చెప్పాడు.