ఆప్షన్ డెల్టా: అపోహలు – వాస్తవాలు

"ఈ కాల్ డెల్టా 0.30, అంటే ఐటీఎంలో ముగియడానికి 30 శాతం ఛాన్స్." ఆప్షన్లు అమ్మేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటుంటాం. ఐటీఎంలో ముగియడం అంటే గడువు నాటికి ఆప్షన్‌కు విలువ మిగలడం, అమ్మినవాళ్లు చెల్లించాల్సి రావడం. నేను ఆప్షన్ల డెస్క్‌లో పనిచేస్తాను, పొజిషన్లను డెల్టా చూసే హెడ్జ్ చేస్తాను. ఈ మాట కొన్నిచోట్ల బాగానే చెల్లుతుంది. చెల్లని చోట మాత్రం, ముఖ్యంగా పుట్‌లు అమ్మేవాళ్లకు, డబ్బు పోగొడుతుంది.

అపోహ: డెల్టా అంటేనే ఐటీఎంలో ముగిసే అవకాశం

డెల్టా మొదట చెప్పేది హెడ్జ్ గురించి: ఒక కాల్ అమ్మితే దానికి ఎదురుగా ఎన్ని షేర్లు కొని పెట్టుకోవాలి అని. అవకాశం వేరే సంగతి. ఈ తేడా తెలియాలంటే పెద్ద ఫార్ములా అక్కర్లేదు, చిన్న లెక్క చాలు.

ఒక షేరు ఇవాళ 100 రూపాయలు. ఎక్స్‌పైరీ నాటికి అది 200 అవుతుంది, లేదా 50కి పడుతుంది. మూడో దారి లేదు, వడ్డీ కూడా లేదనుకుందాం. 100 స్ట్రైక్ కాల్స్ మూడు మీరు అమ్మారు. షేరు 200కి వెళ్తే ఒక్కో కాల్‌కి 100 చొప్పున 300 చెల్లించాలి. 50కి పడితే ఏమీ చెల్లించక్కర్లేదు.

షేరు రెండు ధరల మధ్య తేడా 150, కాల్ రెండు విలువల మధ్య తేడా 100. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 0.67. అదే డెల్టా. అంటే మూడు కాల్స్‌కి రెండు షేర్లు కొనాలి. వాటికి 200 కావాలి. 100 అప్పు తెచ్చారు, కాల్స్ అమ్మిన ప్రీమియం మొత్తం 100 వచ్చింది. షేరు 200కి వెళ్తే రెండు షేర్లూ 400కి అమ్మి, అప్పు 100 తీర్చి, కాల్స్‌కి 300 ఇస్తారు. 50కి పడితే రెండు షేర్లకి వచ్చిన 100తో అప్పు తీరిపోతుంది. ఎటు వెళ్లినా లాభం లేదు, నష్టం లేదు. కాబట్టి కాల్ సరైన ధర 33 రూపాయల 33 పైసలు.

ఇప్పుడు అవకాశం చూద్దాం. ఇవాళ్టి 100 న్యాయమైన ధర కావాలంటే 200కి వెళ్లే ఛాన్స్ మూడింట ఒక వంతు ఉండాలి. అంటే ఈ కాల్ డెల్టా 0.67, ఐటీఎంలో ముగిసే అవకాశం 33 శాతం. రెండూ ఒకే ఆప్షన్‌వే. "33 శాతమే కదా" అని మూడు కాల్స్‌కి ఒక్క షేరే కొని ఉంటే? ప్రీమియం 100 దానికే సరిపోయింది, అప్పు అక్కర్లేదు. కానీ షేరు 200కి వెళ్లిన రోజు చేతిలో 200, ఇవ్వాల్సింది 300. వంద రూపాయలు నష్టం.

ఇంత తేడా ఎందుకు? అవకాశం అడిగేది "స్ట్రైక్ దాటుతుందా, లేదా" అని మాత్రమే. దాటాక ఎంత దూరం వెళ్లినా దానికి ఒకటే. హెడ్జ్ అలా ఊరుకోలేదు. దాటితే ఎంత చెల్లించాలో కూడా లెక్కలోకి తీసుకోవాలి. పైకి వెళ్లే అడుగు పెద్దదైనకొద్దీ కాల్ డెల్టా అవకాశం కంటే ఎక్కువగా ఉంటుంది. ఇంకో మాట: ఈ షేరు 200కి వెళ్లే ఛాన్స్ 80 శాతం అని మీకు గట్టి నమ్మకం ఉన్నా సరే, కొనాల్సింది అవే రెండు షేర్లు. పైన 33 అన్నది ధరల్లో దాగి ఉన్న అవకాశం, భవిష్యత్తు గురించి ఎవరి అంచనా కాదు.

అపోహ: అయితే డెల్టాను అవకాశంగా అసలు వాడకూడదు

ఇదీ నిజం కాదు. బ్లాక్-షోల్స్ లెక్కలో కాల్ డెల్టా `N(d1)`, ఐటీఎంలో ముగిసే అవకాశం `N(d2)`.

```
d2 = d1 - σ√T
```

ఇక్కడ σ అంటే ఐవీ, అంటే షేరు ఎంత ఊగుతుందని ఆప్షన్ ధరలు సూచిస్తున్నాయో ఆ కొలత. T అంటే ఎక్స్‌పైరీకి మిగిలిన కాలం, ఏళ్లలో. డెల్టాకూ అవకాశానికీ మధ్య దూరం ఈ రెండింటి మీద ఆధారపడుతుంది. రెండూ తక్కువైతే తేడా దాదాపు కనిపించదు. నిఫ్టీ ఫ్యూచర్ 25,000, ఐవీ 12 శాతం, ఎక్స్‌పైరీకి నెల ఉందనుకోండి. వడ్డీ వదిలేస్తే 25,500 కాల్ డెల్టా 0.29, అవకాశం 28 శాతం. ఇక్కడ డెల్టా చూసి ఛాన్స్ చెప్పినా తప్పు లేదు.

స్టాక్ ఆప్షన్లలో కథ మారుతుంది. షేరు 1,000, ఐవీ 40 శాతం, గడువు మూడు నెలలు. 900 పుట్ డెల్టా, మైనస్ గుర్తు వదిలేస్తే, 0.27 దగ్గర ఉంటుంది. అవకాశం మాత్రం 33 శాతం. అంటే "నాలుగింట ఒకసారి" అనుకుని అమ్మినది నిజానికి మూడింట ఒకసారి ఐటీఎంలో ముగిసే ఆప్షన్. కాల్స్‌లో డెల్టా అవకాశాన్ని పెంచి చూపిస్తుంది, పుట్‌లలో తగ్గించి చూపిస్తుంది. కాల్ అమ్మేవాళ్లకు ఈ తప్పు జాగ్రత్త వైపు ఉంటే, పుట్ అమ్మేవాళ్లకు ప్రమాదం వైపు ఉంటుంది. పైగా మన దగ్గర స్టాక్ ఆప్షన్లకు ఫిజికల్ సెటిల్‌మెంట్. పుట్ ఐటీఎంలో ముగిస్తే ఆ షేర్లు 900 చొప్పున డెలివరీ తీసుకోవాలి, దానికి సరిపడా డబ్బు ఖాతాలో ఉండాలి.

అపోహ: డెల్టా ప్రకారం ఒకసారి హెడ్జ్ చేస్తే చాలు

పైన చెప్పిన నిఫ్టీ కాల్‌నే తీసుకుందాం. ధర సుమారు 154 పాయింట్లు. వంద లాట్లు అమ్మి, 29 లాట్ల ఫ్యూచర్స్ కొన్నారు. నిఫ్టీ ఒక్కసారిగా 250 పాయింట్లు పెరిగితే కాల్ 240కి చేరుతుంది, దాదాపు 85 పెరుగుదల. ఫ్యూచర్స్ మీద వచ్చేది ఒక్కో కాల్‌కి 72 మాత్రమే. 13 పాయింట్లు చేతి నుంచి పోతాయి. 250 పడినా దాదాపు 12 పోతాయి. ఎటు కదిలినా నష్టమే, ఎందుకంటే దారిలోనే డెల్టా మారిపోతుంది. 25,250 దగ్గర అది 0.39. అక్కడ ఇంకో పది లాట్లు కొనాలి. ఈ కదలికలు భరించినందుకు అమ్మినవాళ్లకు దక్కేది తీటా, అంటే రోజు గడిచేకొద్దీ ఆప్షన్ ధరలో కరిగే భాగం. ఈ కాల్‌లో అది రోజుకు సుమారు 5 పాయింట్లు.

అపోహ: 28 శాతం అవకాశం అంటే 72 శాతం సార్లు ప్రశాంతంగా ఉండొచ్చు

ఆ 28 శాతం ఎక్స్‌పైరీ నాటి ముగింపు గురించి. మధ్యలో ఒక్కసారైనా 25,500 తాకే అవకాశం దానికి దాదాపు రెట్టింపు, అంటే సగం కంటే ఎక్కువ. స్ట్రైక్ దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నవాళ్లకు ఈ రెండో సంఖ్యే వర్తిస్తుంది.

అపోహ: మోడల్ లేకుండా అవకాశం తెలుసుకోలేం

ఆప్షన్ చెయిన్ చాలు. స్ట్రైక్‌కి అటు ఇటు ఉన్న రెండు కాల్ ధరల తేడాను స్ట్రైక్‌ల తేడాతో భాగించండి. మన ఉదాహరణలో 25,450 కాల్ 169, 25,550 కాల్ 141. తేడా 28, దాన్ని 100తో భాగిస్తే 28 శాతం. స్ట్రైక్ మారితే ఐవీ ఎలా మారుతుందో కూడా ఈ ధరల్లోనే కలిసి ఉంటుంది కాబట్టి, నేను స్క్రీన్ మీది డెల్టా కంటే దీన్నే ఎక్కువ నమ్ముతాను. చివరి ట్రేడ్ ధర మాత్రం వాడకండి, అది గంట కిందటిది అయి ఉండొచ్చు. బిడ్, ఆస్క్‌ల మధ్య ధర తీసుకోండి. ఆ రెండింటి మధ్య దూరం మరీ ఎక్కువగా ఉన్న స్ట్రైక్‌లలో ఈ లెక్క పనిచేయదు.