కొంగుముడి వేస్తే గవ్వలకీ ముడి పడుతుంది

పోయిన మాఘమాసంలో మా బంధువుల పెళ్లిలో ఫోటోగ్రాఫర్ పెళ్లికూతురి కాళ్ల కింద చిన్న పీట వేయించాడు. పెళ్లికొడుకు ఆరడుగుల మూడంగుళాలు మరి. పక్కనున్న మా మేనల్లుడు, ఇంటర్ బైపీసీ, నా చెవిలో అడిగాడు: "మావయ్యా, ఇలా కాకుండా పొడుగువాళ్లు పొడుగువాళ్లనే, పొట్టివాళ్లు పొట్టివాళ్లనే చేసుకుంటూ పోతే కొన్నాళ్లకి రెండు జాతులైపోతారా?" అంతలో భోజనాలకి పిలిచారు. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

జనం ఎంతోకొంత అలాగే చేసుకుంటున్నారు. 1903లో గణాంక శాస్త్రవేత్తలు కార్ల్ పియర్సన్, ఆలిస్ లీ ఇంగ్లండులో వెయ్యికి పైగా జంటల ఎత్తులు చూస్తే భార్యాభర్తల మధ్య సహసంబంధం 0.28 దాకా వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో అధ్యయనాలని కలిపి చూస్తే 0.23 దగ్గర తేలింది. లెక్క సులువు కావడానికి పావు, అంటే 0.25 అనుకుందాం. మగవాళ్ల సగటు కంటే 10 సెం.మీ. పొడుగున్న మనిషికి, ఆడవాళ్ల సగటు కంటే ఓ రెండు రెండున్నర సెం.మీ. పొడుగున్న భార్య దొరుకుతుందన్నమాట, అదీ సగటున. మొగుడు పెళ్లాం కంటే పొడుగ్గా ఉండటం వేరే సంగతి. ప్రతి భర్తా భార్య కంటే సరిగ్గా 13 సెం.మీ. ఎక్కువున్నా సహసంబంధం నూటికి నూరే. పెళ్లిచూపుల్లో "ఈడూ జోడూ" అనే మాటలో ఈ రెండూ కలిసిపోతాయి. (జాతకాల పొంతనలో 36 గుణాలు లెక్కేస్తారు. పిల్లల మీద నిజంగా ప్రభావం చూపే ఎత్తు మాత్రం బయోడేటాలో ఓ మూలన పడి ఉంటుంది.)

ఇక గవ్వలు తియ్యండి. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. నిజం గవ్వ సరిగ్గా సగం సగం పడదు గానీ, పడుతుందనే అనుకుందాం. నాలుగూ వెల్లకిలా పడే అవకాశం పదహారులో ఒకటి. ఇప్పుడు రెండేసి గవ్వల్ని దారంతో గట్టిగా కట్టి, కట్టినవి ఎప్పుడూ ఒకేలా పడేట్టు చెయ్యండి. ఏ గవ్వని విడిగా చూసినా ఇప్పటికీ సగం సగమే. సగటున వెల్లకిలా పడేవి ఇప్పటికీ రెండే. కానీ నాలుగూ వెల్లకిలా పడే అవకాశం నాలుగులో ఒకటికి ఎగబాకింది. నాలుగూ బోర్లా పడటం కూడా అంతే. గవ్వలు మారలేదు, సగటు మారలేదు, కొసలు మాత్రం బరువెక్కాయి. మా వాడి ప్రశ్నకి జవాబంతా ఈ దారంలోనే ఉంది.

ఎత్తుకి సంబంధించిన గవ్వలు నాలుగు కాదు. 2022లో 54 లక్షల మంది జన్యు సమాచారం నుంచి 12 వేలకి పైగా చోట్లు గుర్తించారు. ఒక్కోటీ వెల్లకిలా పడితే ఎత్తుకి మిల్లీమీటరో అంతకంటే తక్కువో కలుపుతుంది అనుకోండి. జంటలు ఎత్తుతో పనిలేకుండా కుదిరితే ఈ గవ్వలు దేనికది విడిగా పడతాయి. పొడుగు తండ్రి, పొడుగు తల్లి కలిస్తే బిడ్డకి అటునుంచీ ఇటునుంచీ వెల్లకిలా గవ్వలే ఎక్కువ వస్తాయి. మొదటి తరంలో కొత్తగా పడే ముడి తండ్రి వైపు గవ్వలకీ తల్లి వైపు గవ్వలకీ మధ్యే. ఆ బిడ్డ పెద్దయి బీజకణాలు తయారయ్యేటప్పుడు రెండు వరసలూ కలగలిసి, కొంత ముడి ఒకే కణంలోకి వచ్చేస్తుంది. ఒక్కో జత గవ్వల మధ్య దారం సాలెపోగంత సన్నం, విడిగా కొలవడం అయ్యే పని కాదు. కానీ 12 వేల చోట్ల నుంచి ఏడు కోట్లకి పైగా జతలు వస్తాయి. అన్ని పోగులూ కలిస్తే మోకే.

దీన్ని లెక్క కట్టింది గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్, 1918లో. "విస్తృతి" అనే కొలతకి ఇంగ్లీషు పేరు పెట్టింది కూడా ఆ వ్యాసంలోనే. ఎత్తులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేదే విస్తృతి. మన ఊళ్లో, ఆడామగా తేడా సర్దేశాక, ఎత్తుల విస్తృతి 45 అనుకోండి. అందులో జన్యువుల వాటా 36, తిండీ జబ్బులూ వగైరాలది 9. అంటే జన్యువుల వంతు 0.8. జంటల ఎత్తుల్లో పోలిక 0.25 అయితే జన్యువుల్లో పోలిక 0.25 × 0.8, అంటే 0.2.

బిడ్డ జన్యు విలువలో, అంటే జన్యువుల వల్ల వచ్చే ఎత్తులో, రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి అమ్మానాన్నల సగటు. రెండోది ఎవరి నుంచి ఏ గవ్వ వస్తుందనే లాటరీ. ఆ లాటరీ విస్తృతి 18, అసలు 36లో సగం, అది దాదాపు మారదు. మొదటి ముక్క విస్తృతి మామూలుగా అయితే మరో 18. జంటల్లో పోలిక ఉంటే అది 18 × 1.2 = 21.6 అవుతుంది. మొత్తం 39.6. ఒక్క తరంలోనే 36 నుంచి 39.6!

ఇది పెరిగేకొద్దీ జన్యువుల వంతూ, దాంతో పాటు ఆ 0.2 కూడా కాస్త పెరుగుతాయి. అది కూడా లెక్కేస్తే తర్వాతి తరానికి 41.8, ఆ తర్వాత 43.2, ఆపైన 44.1. చూశారుగా, పెరుగుతోంది గానీ అడుగు చిన్నదవుతోంది. ఎందుకంటే ప్రతి తరంలోనూ లాటరీ పాత ముడుల్లో సగం విప్పేస్తుంది, పెళ్లిళ్లు కొత్తవి వేస్తాయి. వేసేవీ విప్పేవీ సమానమైన చోట, 45.5 దగ్గర, ఆగుతుంది. కాబట్టి రెండు జాతులు కావు. కొంచెం వెడల్పైన ఒకటే గంట ఆకారం.

మొత్తం విస్తృతి 45 నుంచి 54.5 అయింది. దాని వర్గమూలం, అంటే సెంటీమీటర్లలో ప్రామాణిక విచలనం, 6.7 నుంచి 7.4, ఇంతేనా అనిపిస్తుంది. కొసకి వెళ్లి చూడండి. సగటు కంటే 20 సెం.మీ. పైన ఉండేవాళ్లు పదివేలకి 14 మంది నుంచి 34 మంది దాకా అవుతారు. అటు పొట్టి వైపూ అంతే. ఒక తల్లి పిల్లల మధ్య తేడాలు మాత్రం పెరగవు. లాటరీ 18 అలాగే ఉంది కదా. పెరిగిందంతా ఇంటికీ ఇంటికీ మధ్య తేడా. "వాళ్ల వంశమే అంత, అందరూ తాటిచెట్లే" అనే మాటకి బలం వచ్చేది ఇక్కడే.

నాకు అన్నింటికంటే ముచ్చటేసేది దీన్ని రుజువు చేసిన తీరు. 2018లో బ్రిటన్‌లో లక్షల మంది జన్యు సమాచారం తీసుకుని, ఒకటి, మూడు, ఐదు లాంటి బేసి క్రోమోజోముల్లో ఎత్తు పెంచే గవ్వల లెక్క ఒకవైపు, సరి క్రోమోజోముల లెక్క మరోవైపు వేశారు. వేరువేరు క్రోమోజోములు బీజకణాల్లోకి దేనికది వెళ్తాయి, వాటి మధ్య సంబంధం ఉండకూడదు. ఉంది. చిన్నదే, కానీ ఉంది. తాతముత్తాతల పెళ్లిచూపుల గుర్తు అది.

మన దగ్గర ఈ లెక్క వేసేటప్పుడు తొందరపడకూడదు. ఒకే కులంలో, ఒకే ప్రాంతంలో చేసుకునే చోట, ఆ గుంపుల సగటు ఎత్తులు వేరైతే, ఎవరూ ఎత్తు చూడకపోయినా జంటల్లో పోలిక కనిపిస్తుంది. చిన్నప్పుడు ఇద్దరూ కడుపునిండా తిన్న ఇళ్లవాళ్లయినా అంతే, కానీ ఆ పోలిక జన్యువులది కాదు, పిల్లలకి ముడిగా దిగదు. పోషణ తేడాలు బాగా ఉండి జన్యువుల వంతు 0.5కి పడితే, 0.2 అనుకున్నది 0.125 అవుతుంది. ఇక తరతరానికీ సగటు ఎత్తు పెరగడం తిండి సంగతి, దానికీ ఈ ముడులకీ సంబంధం లేదు.

మరి రేపటి నుంచి అందరూ ఆ పీట పెళ్లివాళ్లలా ఎత్తు పట్టించుకోకుండా చేసుకుంటే? కొత్త ముడులు పడవు, ఉన్నవాటిలో సగం ప్రతి తరంలోనూ విడిపోతాయి. అదనంగా చేరిన 9.5 మొదటి తరంలోనే 4.75 అవుతుంది, తర్వాత 2.4, ఆపైన 1.2. ఐదో తరానికి మిగిలేది 0.3.